కోడి బరువు పెరిగినా, కేక్ టిన్ మారినా ఓవెన్ సమయం ఎలా లెక్కేసుకోవాలి?

ప్రశ్న: నా రెసిపీలో 1.2 కిలోల కోడికి 180 డిగ్రీల దగ్గర 70 నిమిషాలు అని ఉంది. క్రిస్మస్‌కి 2 కిలోల కోడి పెట్టాలనుకుంటున్నాను. కిలోకి ఇంత అని లెక్కేస్తే దాదాపు రెండు గంటలు వస్తోంది. నిజంగా అంతసేపు పెట్టాలా? అలాగే 8 అంగుళాల గుండ్రటి కేక్ రెసిపీని (180 డిగ్రీలు, 35 నిమిషాలు) రెట్టింపు చేసి 10 అంగుళాల టిన్‌లో పోస్తే సమయం కూడా రెట్టింపవుతుందా?

జవాబు:

రెండూ అక్కర్లేదండి. 2 కిలోల కోడికి గంటన్నర నుంచి గంటా నలభై నిమిషాలు చాలు. అయితే 80వ నిమిషం నుంచే చూడటం మొదలుపెట్టాలి. కేక్‌కి మాత్రం పిండిని రెట్టింపు చేయకండి, ఒకటిన్నర రెట్లు కలపండి. 170 డిగ్రీల దగ్గర 40 నుంచి 45 నిమిషాల్లో అయిపోతుంది.

నేను ఆర్డర్లపై రోస్టులు, కేకులు చేస్తుంటాను. డిసెంబరు వచ్చిందంటే ఈ ప్రశ్న అడగని వాళ్లుండరు. అందరి లెక్కా ఒకచోటే తప్పుతుంది. ఓవెన్‌కి మాంసం ఎంత తూగుతుందో, టిన్ ఎంత వెడల్పుందో పట్టదు. బయటి వేడి నడిమధ్యకి చేరడానికి ఎంత లోపలికి పోవాలన్నదే దానికి లెక్క. అంటే చూడాల్సింది మందం. కుక్కర్‌లో బంగాళదుంపలు ఉడికించేటప్పుడు పెద్ద దుంప ఆలస్యంగా ఉడుకుతుందని మనకు తెలుసు. అదే సైజు దుంపలు ఇంకో నాలుగు వేసినంత మాత్రాన విజిల్స్ రెట్టింపు చేయం కదా! ఇక్కడా అంతే.

ముందు కోడి సంగతి

లెక్క మొదలుపెట్టే ముందు ఒక మాట. ఆ 2 కిలోలు ఏ తూకం? మన చికెన్ షాపుల్లో చాలాచోట్ల బతికున్న కోడిని తూస్తారు. 2 కిలోల కోడిని శుభ్రం చేయిస్తే స్కిన్‌తో సుమారు 1.4 కిలోలు మిగులుతుంది, స్కిన్ తీయిస్తే ఇంకా తగ్గుతుంది. రెసిపీల్లో రాసేది ఓవెన్‌లోకి వెళ్లే తూకం. ఇంటికి తెచ్చాక ఒకసారి మళ్లీ తూచండి. మీ చేతిలో ఉన్నది 1.4 కిలోలే అయితే మీకు కావలసింది 78 నిమిషాలు, గంటా నలభై కాదు. రోస్ట్ పిప్పిలా వచ్చిందని చెప్పేవాళ్లలో చాలామంది లెక్క ఈ తూకం దగ్గరే తప్పి ఉంటుంది.

శుభ్రం చేశాక కూడా 2 కిలోలే ఉందనుకుందాం. ఒకే ఆకారంలో ఉన్న రెండు కోళ్లలో ఒకటి రెండింతలు బరువుంటే, దాని మందం రెండింతలు ఉండదు, నాలుగో వంతు మాత్రమే ఎక్కువుంటుంది. బరువు పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటిలోనూ పంచుకుపోతుంది కాబట్టి. వేడి మధ్యకి చేరడానికి పట్టే సమయం మాత్రం మందం పెరిగినదానికంటే వేగంగా, సుమారు మందం వర్గంతో పెరుగుతుంది. ఈ రెండూ కలిపితే వచ్చే లెక్క ఇది:

```
కొత్త సమయం = పాత సమయం × (కొత్త బరువు / పాత బరువు)^(2/3)
```

ఫోన్‌లోని కాలిక్యులేటర్‌ని అడ్డంగా తిప్పితే ఘాతం మీట కనిపిస్తుంది. అక్కడ 0.67 కొట్టండి చాలు. మీ కోడికి 2ని 1.2తో భాగిస్తే 1.67. దాని ఘాతం 0.67 అంటే సుమారు 1.4. డెబ్బైని 1.4తో హెచ్చిస్తే 98 నిమిషాలు. కిలో లెక్కన అయితే 117 వస్తుంది. ఆ పంతొమ్మిది నిమిషాల్లోనే బ్రెస్ట్ ముక్క పీచుపీచుగా ఎండిపోతుంది.

కాలిక్యులేటర్ వద్దనుకుంటే రెండు మూడు అంకెలు గుర్తుపెట్టుకోండి. బరువు ఒకటిన్నర రెట్లయితే సమయం 1.3 రెట్లు. రెట్టింపైతే 1.6 రెట్లు. సగమైతే సగానికి కాస్త పైన, 0.63. ఇంట్లో ఇంతకుమించి అవసరం పడదు.

ఈ లెక్క నా సొంతం కాదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ లీనియర్ యాక్సిలరేటర్ కేంద్రానికి తొలి డైరెక్టరైన భౌతిక శాస్త్రవేత్త పనోఫ్‌స్కీ టర్కీ కోడికి పౌనుకి ఇన్ని నిమిషాలు అనే లెక్క నచ్చక ఇలాంటి సూత్రమే రాసుకున్నారు. అమెరికాలో ఉండి థ్యాంక్స్‌గివింగ్‌కి టర్కీ చేసే మనవాళ్లకి అదే పనికొస్తుంది. బరువు పౌన్లలో తీసుకుని, 2/3 ఘాతం కట్టి, ఒకటిన్నరతో భాగిస్తే గంటలు వస్తాయి. ఓవెన్ 325 ఫారన్‌హీట్ దగ్గర, అంటే సుమారు 163 సెల్సియస్ దగ్గర ఉండాలి.

పాత ఇంగ్లీషు వంట పుస్తకాల్లో అరకిలోకి 20 నిమిషాలు, పైన ఇంకో 20 అని ఒక లెక్క ఉంటుంది. ఆ పైన కలిపే ఇరవై ఎందుకో ఎవరూ చెప్పరు. అసలు గీత వంగి ఉంటే, దాని మీద కర్ర స్కేలు పెట్టి దగ్గరగా గీసిన గీత అది. మీ కోళ్లతోనే చూడండి. 1.2 కిలోలకి 68, 2 కిలోలకి 100 నిమిషాలు వస్తాయి. నా లెక్కకి రెండు నిమిషాల తేడా అంతే. మన ఇళ్లలో వాడే కోళ్లకి ఆ లెక్క నిక్షేపంగా సరిపోతుంది. బరువు బాగా పెరిగితే మాత్రం దారి తప్పుతుంది. 6 కిలోల టర్కీకి దాని ప్రకారం 260 నిమిషాలు వస్తే, పై సూత్రంతో 205 వస్తుంది. దాదాపు గంట తేడా! టర్కీ అంటే ఎండిపోయిన మాంసం అని చాలామంది అనుకోవడానికి ఇదీ ఒక కారణమే.

80వ నిమిషం నుంచే చూడమన్నది ఎందుకు?

ఎందుకంటే 98 అనేది పైహద్దు. మాంసం లోపల వేడి కదలడం ఒక్కటే ఆలస్యానికి కారణం కాదు. ఓవెన్‌లోని గాలి నుంచి మాంసం పైపొరకి వేడి అందడం కూడా నెమ్మదే. మాంసం పలచగా ఉన్నకొద్దీ ఈ రెండో ఆలస్యానిదే పెత్తనం. అప్పుడు సమయం మందం వర్గంతో కాకుండా మందంతోనే పెరుగుతుంది. ఆ కొసన లెక్కేస్తే మీ కోడికి 83 నిమిషాలే వస్తాయి. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది, సాధారణంగా పైహద్దుకి దగ్గరగా. అందుకే నేను ఎప్పుడూ ఒక అంకె చెప్పను, ఎప్పటి నుంచి చూడాలో చెబుతాను.

చూడటం అంటే ప్రోబ్ థర్మామీటర్‌తోనే. తొడ, పొట్ట కలిసే మడతలో అన్నిటికంటే మందమైన చోట గుచ్చండి. మొన ఎముకకి తగలకూడదు, తగిలితే అంకె తప్పుగా చూపిస్తుంది. కోడి మాంసం ఎక్కడ చూసినా 74 డిగ్రీలు దాటాలి, అది భద్రతకి సంబంధించిన హద్దు. తొడ మాత్రం 80 దాటితేనే నమలడానికి బాగుంటుంది. 80వ నిమిషంలో తొడ దగ్గర 65 చూపిస్తే ఇంకా పావుగంట పైనే ఉందని అర్థం. 72 చూపిస్తే ఐదారు నిమిషాలకోసారి చూడండి. తీశాక పది, పదిహేను నిమిషాలు కోయకుండా ఉంచండి. ఆ వ్యవధిలో లోపలి వేడి ఇంకో రెండు మూడు డిగ్రీలు పెరుగుతుంది. పెద్ద మాంసమైతే ఇంకా ఎక్కువే పెరుగుతుంది.

థర్మామీటర్ లేనివాళ్లు తొడ కాలిని పట్టుకుని కదిపి చూస్తారు. కీలు వదులుగా తిరిగితే అయినట్టే. అది మంచి గుర్తే. కానీ ఎముక పక్కన ఎర్రగా ఉందని మళ్లీ లోపల పెట్టకండి. మనకు దొరికే లేత బ్రాయిలర్ కోళ్లలో ఎముక మూలుగ నుంచి రంగు బయటికి వస్తుంది, పూర్తిగా ఉడికాక కూడా ఆ ఎరుపు ఉండవచ్చు. రంగు చూసి తీర్పు చెప్పడం రెండు వైపులా మోసమే.

వేడి కూడా మార్చాలి

బరువు మారినప్పుడు సమయం ఒక్కటే మార్చి ఊరుకుంటే పైభాగం, లోపలి భాగం జతకుదరవు. 2 కిలోల కోడికి 98 నిమిషాలు 180 దగ్గరే ఉంచితే లోపల సరిగ్గా ఉడికే వేళకి పైన రెక్కల కొసలు మాడతాయి. పెరుగు, కారం పట్టించి ఉంటే ఇంకా ముందే మాడతాయి. నేనైతే గంట దాటాక రెక్కలమీద, బ్రెస్ట్ మీద ఫాయిల్ కప్పుతాను. మూడు కిలోలు దాటితే వేడినే 165కి దించుతాను, సమయం ఇంకో పావు వంతు పెంచుతాను. చిన్నవాటికి దీనికి సరిగ్గా వ్యతిరేకం. 500 గ్రాముల చిన్న కోడిపిల్లకి లెక్క ప్రకారం 39 నిమిషాలు వస్తుంది. 180 దగ్గర ఆ 39 నిమిషాల్లో స్కిన్‌కి రంగు రాదు. దాన్ని 210, 220 దగ్గర పెట్టి అరగంట నుంచే చూడండి. కౌజు పిట్టలయితే ఓవెన్ ఎంత వేడెక్కగలిగితే అంత వేడి మీద చేయాలి.

ఫ్రిజ్ సంగతి కూడా ఉంది. ఈ లెక్కలన్నీ కోడి అన్నిచోట్లా ఒకే చల్లదనంతో లోపలికి వెళ్తుందనుకుని వేసినవి. ఫ్రీజర్‌లోంచి తీసి, పైన కరిగింది కదా అని పెట్టేస్తే మధ్యలో మంచు మిగిలి ఉంటుంది. అప్పుడు ఏ సూత్రమూ పనిచేయదు. 2 కిలోల గడ్డకట్టిన కోడికి ఫ్రిజ్ కింది అరలో ఒక పగలూ ఒక రాత్రీ కావాలి. కరిగాక అరగంట బయట ఉంచి పెడితే సమయం కొంచెం తగ్గుతుంది కానీ, మన ఎండల్లో గంట దాటి బయట ఉంచకండి.

బరువు పెరిగినా సమయం పెరగని సందర్భాలు

పై సూత్రం ఆకారం మారకుండా సైజు పెరిగినప్పుడే. ఒక కోడి బదులు 1.2 కిలోల కోళ్లు రెండు పక్కపక్కన పెడితే మొత్తం బరువు 2.4 కిలోలు, కానీ ఏ కోడి మందమూ మారలేదు. కాబట్టి 70 నిమిషాలకి పది, పదిహేను కలిపితే చాలు. అది కూడా రెండు చల్లటి కోళ్లు లోపలికి వెళ్లినప్పుడు ఓవెన్ వేడి పడిపోతుంది కనుక. రెండింటి మధ్య నాలుగు వేళ్ల సందు ఉండాలి. ఆనించి పెడితే ఆ రెండూ కలిసి ఓవెన్ దృష్టిలో ఒకే పెద్ద కోడి. పాతిక లీటర్ల చిన్న ఓటీజీలో రెండు కోళ్లు ఇరికించే కంటే ఒకదాని తర్వాత ఒకటి చేసుకోవడమే మేలని నా అభిప్రాయం.

బోన్‌లెస్ మాంసాన్ని చుట్టి దారంతో కట్టిన రోల్‌కీ ఇదే వర్తిస్తుంది. అరకిలో రోల్, కిలో రోల్ ఒకే లావుంటే సమయం దాదాపు ఒకటే, రెండోది పొడుగ్గా ఉంటుంది అంతే. కాబట్టి రోల్‌కి తూకం కాదు, టేపు పెట్టి లావు కొలవండి. ఇక కోడి కడుపులో గుడ్లు, బిర్యానీ అన్నం కూరితే ఖాళీగా ఉండాల్సిన చోటు నిండిపోతుంది, మందం ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడు కూరినదాని బరువు కూడా కలుపుకుని లెక్క వేయండి. ఆ కూరిన పదార్థం మధ్యలోనూ 74 డిగ్రీలు రావాలి.

మటన్ తొడ వేరు

మీరు అడగలేదు కానీ, ఈ సూత్రాన్ని రేపు మటన్ తొడకి పెడతారేమోనని రాస్తున్నాను. మనకు దొరికేది ఎక్కువగా మేక మాంసం, కొవ్వు తక్కువ, నరాలు గట్టివి. అది తినేలా అవ్వాలంటే 85, 90 డిగ్రీలకి చేరడమే కాదు, అక్కడ చాలాసేపు ఉండాలి. ఆ వేడిలో గట్టి పొరలు మెల్లగా కరిగి మెత్తబడతాయి. కాబట్టి దాని సమయంలో రెండు భాగాలు ఉంటాయి. బరువుతో పెరిగేది మొదటి భాగం, అంటే వేడెక్కే భాగం. మెత్తబడే భాగం తొడ చిన్నదైనా పెద్దదైనా ఒకటే.

ఉదాహరణకి 1.2 కిలోల తొడ ఫాయిల్ కప్పి 160 దగ్గర రెండున్నర గంటలు పట్టిందనుకోండి. థర్మామీటర్ పెట్టి చూస్తే అందులో 80 నిమిషాలు వేడెక్కడానికి, 70 నిమిషాలు మెత్తబడటానికి పోయాయి. 2 కిలోల తొడకి 80ని మాత్రమే 1.4తో హెచ్చించండి, 112 వస్తుంది. దానికి 70 కలిపితే మూడు గంటలు. మొత్తాన్ని 1.4తో హెచ్చిస్తే మూడున్నర గంటలు వస్తుంది. మేక మాంసంతో అరగంట ఎక్కువైతే కోడిలా వెంటనే పాడవదు కానీ, ముదురు మేక అయితే ఈ రెండో భాగమే రెట్టింపవ్వచ్చు. ఫోర్కు గుచ్చి తిప్పితే పీచు విడిపోవాలి, అదే అసలు గుర్తు. ఇక్కడ గడియారానికి పెద్ద విలువ లేదు.

ఇక కేక్

కేక్‌లో మందం అంటే టిన్‌లో పిండి ఎంత లోతుందన్నది. గుండ్రటి టిన్‌ల వైశాల్యం వ్యాసం వర్గంతో పెరుగుతుంది. 8 అంగుళాలకి 64, 10 అంగుళాలకి 100. నిష్పత్తి సుమారు 1.56. కాబట్టి 8 అంగుళాల టిన్‌లో పట్టే పిండి 10 అంగుళాల దాంట్లో అదే లోతుకి రావాలంటే ఒకటిన్నర రెట్లు కావాలి. మీరు రెట్టింపు పోస్తే లోతు దాదాపు 1.3 రెట్లవుతుంది. సమయం 1.3 రెట్ల నుంచి 1.65 రెట్ల మధ్య, అంటే 45 నుంచి 57 నిమిషాల దాకా సాగుతుంది. సమయం పెరగడం సరే, అసలు చిక్కు వేరే ఉంది. మామూలు రెండంగుళాల ఎత్తు టిన్‌లో పిండి మూడింట రెండు వంతులు దాటితే పొంగి ఒలుకుతుంది. ఒలకకపోయినా అంచులు గట్టిపడి, మధ్యలో కొండలా లేచి చీలుతుంది. లేదా మధ్య పచ్చిగా ఉండగానే తీస్తారు, చల్లారగానే గుంటపడుతుంది.

అదే 8 అంగుళాల పిండిని మార్చకుండా 10 అంగుళాల టిన్‌లో పోస్తే లోతు మూడింట రెండు వంతులకి తగ్గుతుంది. అప్పుడు 35 నిమిషాలు పెడితే బిస్కెట్ అవుతుంది. 18వ నిమిషం నుంచి చూడండి, 20 నుంచి 25 నిమిషాల మధ్య అయిపోతుంది.

ఒకటిన్నర రెట్లు పోసి లోతు అంతే ఉన్నప్పుడు ఇంకో ఐదు, పది నిమిషాలు ఎందుకు, 170కి దించడం ఎందుకు? టిన్ పక్కగోడల నుంచి వచ్చే వేడి మధ్యకి ఇప్పుడు ఇంకా దూరం పోవాలి. 6 అంగుళాల టిన్‌లో ఆ పక్క వేడి బాగా సాయపడుతుంది, 10 అంగుళాల టిన్ మధ్యకి దాదాపు చేరదు. కింద, పైన వచ్చే వేడి మీదే ఆధారపడాలి. 180 దగ్గరే ఉంచితే మధ్య భాగం అయ్యేలోపు అంచు ఎండుతుంది. 38వ నిమిషంలో పుల్ల గుచ్చి చూడండి. ఒకటి రెండు తడి పొడి రవ్వలు అంటుకుంటే తీసేయొచ్చు, పచ్చి పిండి అంటుకుంటే ఐదు నిమిషాలు ఆగండి. థర్మామీటర్ ఎలాగూ కొంటారు కాబట్టి చెబుతున్నాను, వెన్న కేక్ మధ్యలో 96 నుంచి 98 చూపిస్తే అయినట్టే. ఈ ఒకటిన్నర రెట్ల కేక్‌కి 30వ నిమిషం లోపు ఓవెన్ తలుపు తీయకండి, నిలబడని కేక్ కూలిపోతుంది.

చదరపు టిన్ వాడేవాళ్లకి ఒక్క మాట. 8 అంగుళాల చదరపు టిన్, 9 అంగుళాల గుండ్రటి టిన్ దాదాపు సమానం. విచిత్రమైన ఆకారంలో ఉన్న టిన్ అయితే లెక్కలు వదిలేసి నీళ్లతో కొలవండి. పాత టిన్‌లో పిండి వచ్చే ఎత్తు దాకా నీళ్లు పోసి కప్పులు లెక్కపెట్టండి, తర్వాత కొత్త టిన్‌లో అదే ఎత్తుకి ఎన్ని కప్పులు పడతాయో చూడండి. ఆ నిష్పత్తిలో పిండి కలపండి. గాజు డిష్ అయితే వేడి ఇంకో 15 డిగ్రీలు తగ్గించాలి. గాజు నెమ్మదిగా వేడెక్కుతుంది కానీ, ఒకసారి వేడెక్కాక అంచుల్ని త్వరగా మాడుస్తుంది.

ఓవెన్ డయల్ చూపించే అంకెనీ పూర్తిగా నమ్మకండి. ఇంటి ఓటీజీల్లో 180 మీద పెడితే లోపల 165 ఉండటం, 200 ఉండటం రెండూ మామూలే. లోపల వేలాడదీసే చిన్న థర్మామీటర్ ఒకటి పెట్టి ఖాళీ ఓవెన్‌ని ఇరవై నిమిషాలు వేడిచేసి చూడండి. మీ రెసిపీ 70 నిమిషాలు మీ ఓవెన్‌లోనే చేసి చూసిన సమయమైతే ఆ తేడా అందులోనే కలిసిపోయి ఉంటుంది, పై లెక్క నేరుగా వేయొచ్చు. ఎక్కడో చదివినదైతే ముందు 1.2 కిలోల కోడి ఒకటి చేసి, ఎన్ని నిమిషాలకి తొడ 80కి చేరిందో రాసుకోండి. ఆ అంకెనే సూత్రంలో పెట్టుకోండి. ఫ్యాన్ తిరిగే ఓవెన్ అయితే నేను చెప్పిన వేడి అంకెలన్నిటి నుంచీ 15, 20 డిగ్రీలు తీసేయండి.

కోడి, కేక్ రెండూ ఒకే ఓవెన్‌లో చేస్తున్నారు కాబట్టి కేక్‌ని ముందురోజే చేసేసుకోండి. కోడి రోస్ట్ అయ్యాక ఓవెన్ గోడలకి పట్టిన కొవ్వు, మసాలా వాసన తర్వాత పెట్టే కేక్‌కి అంటుకుంటాయి.